ఆరు డాలర్లు కట్టిన మిస్టర్ మట్

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు ఈ పాఠం చెప్పే రోజు నేను ముందుగా బొమ్మ చూపించను. ఒక నియమం చదువుతాను. ఆరు డాలర్లు కట్టిన ఎవరైనా ఈ సంఘంలో సభ్యులే. సభ్యులు ఏం పంపినా ప్రదర్శనలో పెడతారు. ఏది బాగుంది, ఏది బాగాలేదు అని ఏరేవాళ్లు ఉండరు, బహుమతులూ ఉండవు. బొమ్మల్ని చిత్రకారుల ఇంటిపేర్ల అక్షరక్రమంలో పెడతారు కాబట్టి పేరున్నవాడికి మంచి గోడ, పేరులేనివాడికి మూల అన్న తేడా కూడా ఉండదు.

"ఈ నియమం ఎంతమందికి నచ్చింది?" అని అడిగితే దాదాపు అన్ని చేతులూ లేస్తాయి. లేవడంలో వింత లేదు. ఏదో ఒక పోటీకి బొమ్మ పంపి, కారణం కూడా చెప్పకుండా తిప్పి పంపితే ఇంటికి మోసుకొచ్చుకున్న పిల్లలు వాళ్లలో చాలామంది ఉంటారు.

అప్పుడు తెర మీద ఫొటో వేస్తాను. మగవాళ్ల మరుగుదొడ్డిలో గోడకు బిగించే తెల్లటి పింగాణీ యూరినల్. గోడకు ఆనాల్సిన వైపు కిందికి వచ్చేలా దాన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. అంచు మీద నల్లరంగుతో 'ఆర్. మట్, 1917' అన్న సంతకం. పేరు 'ఫౌంటెన్'. ఒక నిమిషం నిశ్శబ్దం. తర్వాత వెనక బెంచీ నుంచి నవ్వు. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి, నవ్వకుండా, కొంచెం కోపంగానే అడుగుతారు: "సార్, ఇది నిజంగా ఆర్టేనా?"

ఆ కోపం నాకు ఇష్టం. చేతులు నొప్పెట్టేదాకా గీతలు గీసి, మనిషి చెయ్యి సరిగ్గా రాక రాత్రంతా కూర్చుని దిద్దుకున్న పిల్లలకు ఆ కోపం రాకపోతేనే నేను కంగారుపడాలి. అందుకే జవాబు వెంటనే చెప్పను. "ఇందాక చేతులెత్తారు కదా. మిస్టర్ మట్ ఆరు డాలర్లు కట్టాడు. ఇప్పుడు దీన్ని పెడతారా, పెట్టరా? ఓటు వేయండి" అంటాను. ఈసారి క్లాసు రెండుగా చీలుతుంది.

1917 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడి స్వతంత్ర కళాకారుల సంఘం, నేను చదివిన ఆ నియమం మీదే, గ్రాండ్ సెంట్రల్ ప్యాలెస్ అనే పెద్ద ప్రదర్శనశాలలో తమ మొదటి ప్రదర్శన పెట్టింది. వెయ్యిమందికి పైగా చిత్రకారులు రెండువేలకు పైగా పనులు పంపారు. వాటిలో రిచర్డ్ మట్ అనే ఎవరికీ తెలియని మనిషి పేరుతో ఈ యూరినల్ కూడా వచ్చింది, రుసుముతో సహా. ప్రదర్శన మొదలవబోతుండగా సంఘం డైరెక్టర్లు దాని గురించి వాదించుకుని ఓటు వేశారు. స్వల్ప తేడాతో వద్దన్నవాళ్లే గెలిచారు. ఈ వస్తువు దాని చోట ఉపయోగపడేదే కావచ్చు, దాని చోటు మాత్రం కళాప్రదర్శన కాదు, ఏ నిర్వచనం ప్రకారం చూసినా ఇది కళాకృతి కాదు అన్న అర్థంలో పత్రికలకు చెప్పారు.

ఇక్కడ క్లాసును ఒక్క క్షణం ఆపుతాను. ఎవరూ ఏరరు అన్న సంఘమే ఏరింది. నిర్వచనం అడగం అన్నవాళ్లే నిర్వచనం మాట ఎత్తారు. నిజానికి వాళ్ల దగ్గర నిర్వచనమేదీ రాసి లేదు. అందరికీ తలుపులు తీశామని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లకు కూడా లోపల ఒక గడప ఉందని, అది ఎక్కడుందో వాళ్లకే తెలియదని ఆ రోజు బయటపడింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మన క్లాసులో వద్దని ఓటు వేసినవాళ్లూ చెడ్డవాళ్లు కారు.

దాన్ని పంపింది మార్సెల్ డుషాం అని తర్వాత తెలిసింది. ఫ్రాన్స్ నుంచి 1915లో న్యూయార్క్ వచ్చిన చిత్రకారుడు. ఆ సంఘం డైరెక్టర్లలో అతనూ ఒకడు. బొమ్మల్ని అక్షరక్రమంలో పెడదామన్న ఆలోచన కూడా అతనిదే. ఓటింగ్ ఫలితం తెలిశాక డుషాం, అతని మిత్రుడు వాల్టర్ ఆరెన్స్‌బర్గ్ పదవులకు రాజీనామా చేశారు.

'బొమ్మ వేయడం రానివాడే ఇలాంటివి చేస్తాడు' అన్న మాట క్లాసులో తప్పకుండా వస్తుంది. అప్పుడు అయిదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1912లో డుషాం మెట్లు దిగుతున్న ఒక నగ్నదేహాన్ని, ఒకే మనిషి వరసగా అనేకసార్లు కనిపించేలా చిత్రించి, పారిస్‌లోని ఇండిపెండెంట్ల ప్రదర్శనకు పంపాడు. అక్కడా అదే నియమం: ఏరడం లేదు, బహుమతులు లేవు. న్యూయార్క్ సంఘం ఆ పారిస్ సంఘాన్ని చూసే పుట్టింది. కానీ బొమ్మలు పెట్టే బాధ్యత తీసుకున్న క్యూబిస్టు మిత్రులకు ఈ చిత్రం, ముఖ్యంగా దాని పేరు, నచ్చలేదు. పేరైనా మార్చమని చెప్పడానికి అతని సొంత అన్నలిద్దరినే పంపారు. వాళ్లూ కళాకారులే. డుషాం వాళ్లతో వాదించలేదు. టాక్సీ పిలిచి, వెళ్లి, తన చిత్రం తను తెచ్చుకున్నాడు. ఏడాది తర్వాత అదే చిత్రం న్యూయార్క్ ఆర్మరీ ప్రదర్శనలో దేశమంతా మాట్లాడుకునే బొమ్మయింది.

కాబట్టి యూరినల్ పంపిన మనిషికి చిత్రించడం వచ్చు. ఏరని సంఘాలు ఎలా ఏరతాయో కూడా వచ్చు. 1917లో అతను పెట్టిన పరీక్ష ఊరికే తట్టిన చిలిపి ఆలోచన అని నేను అనుకోను.

ఇక 'అతను ఏం చేశాడు, కొని పంపాడు అంతేగా' అన్న మాట. నెమ్మదిగా చూద్దాం. మొదట ఎంచుకున్నాడు. అంతకుముందే అతను 1913లో పారిస్‌లో స్టూలు మీద సైకిలు చక్రం బిగించి పెట్టుకున్నాడు, 1914లో సీసాలు ఆరబెట్టే ఇనుప స్టాండు కొన్నాడు, న్యూయార్క్ వచ్చాక మంచు ఎత్తే పార ఒకటి కొని సంతకం పెట్టాడు. వీటికి 'రెడీమేడ్' అని పేరు పెట్టాడు. మన ఊళ్లలో బట్టల కొట్టు బోర్డు మీద కనిపించే మాటే అది. దర్జీ కుట్టనిది, మన ఒంటి కొలత తీసుకోనిది, ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చింది. ఎంపికలో అతను పెట్టుకున్న షరతు మాత్రం కష్టమైనది. ఆ వస్తువు అందంగా ఉండకూడదు, అసహ్యంగానూ ఉండకూడదు. చూస్తే కంటికి ఏమీ అనిపించకూడదు. ఏళ్ల తర్వాత 1961లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో చేసిన చిన్న ప్రసంగంలో కూడా ఈ మాటే నొక్కి చెప్పాడు.

తర్వాత దాన్ని తిప్పి పెట్టాడు. గోడకు ఉండాల్సినది వెల్లకిలా పడుకుంటే ఇక పనికిరాదు, ఆకారం మాత్రమే మిగులుతుంది. పేరు పెట్టాడు. నీళ్లు లోపలికి పోయే వస్తువుకి, నీళ్లు పైకి చిమ్మే వస్తువు పేరు. తనది కాని పేరుతో సంతకం పెట్టాడు. సొంత పేరుతో పంపి ఉంటే డైరెక్టర్లు స్నేహితుడి మొహం చూసి ఓటు వేసేవాళ్లు, పరీక్ష అక్కడే చెడిపోయేది. చివరగా, నియమం ప్రకారం రుసుము కట్టి, నియమం పెట్టినవాళ్ల ముందే ఉంచాడు. ఈ చివరిది తీసేస్తే మిగతావి నిలబడవు. అదే యూరినల్‌ని తన గదిలో పెట్టుకుని ఉంటే, అది గదిలో ఉన్న యూరినల్, అంతే.

ఒకసారి ఒకమ్మాయి లేచి, "సార్, పసుపు వినాయకుడు కూడా ఇంతే కదా? పసుపు ముద్ద చేసి ఆవాహన చేస్తే దేవుడు, ఉద్వాసన చెప్పాక మళ్లీ పసుపు" అంది. ఆ మాట క్లాసుకి బాగా నచ్చింది. నాకూ నచ్చింది, సగం వరకు. వస్తువు మారకుండానే దాన్ని చూసే చూపు మారుతుందన్న సంగతి మన ఇళ్లలో కొత్త కాదు. కానీ పసుపు ముద్ద చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ ముందే ఒక నమ్మకం ఉంది, మంత్రం అందరికీ తెలుసు. 1917లో ఆ గదిలో అలాంటి ఒప్పందం లేదు. ఒప్పందం ఉందా అని అడగడానికే ఆ వస్తువు వచ్చింది. పూజ ఉన్న నమ్మకాన్ని నిలుపుతుంది, ఆ యూరినల్ నమ్మకం ఎక్కడ ఆగిపోతుందో చూపింది.

కాబట్టి పిల్లల ప్రశ్నకు నా జవాబు ఇది: అవును, అది కళే అని నేను అనుకుంటాను. ఆ పింగాణీ ముక్క శిల్పమైపోయిందని కాదు. ఎంపిక, తిప్పడం, పేరు, దొంగ సంతకం, రుసుము, ఓటు, తిరస్కారం, ఇవన్నీ కలిసి ఒక పని. 'ఇది కళేనా' అని నువ్వు అడిగినప్పుడు నువ్వు ఆ పనికి బయట లేవు. 1917లో డైరెక్టర్లు కూర్చున్న కుర్చీలో కూర్చున్నావు.

తర్వాతి కథ పిల్లల్ని ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తన గ్యాలరీలో, మార్స్‌డన్ హార్ట్లీ వేసిన ఒక చిత్రం ముందు దాన్ని పెట్టి ఫొటో తీశాడు. ఆ ఫొటో, దానితోపాటు మట్‌ని సమర్థిస్తూ సంతకం లేని ఒక వ్యాసం, మే నెలలో 'ది బ్లైండ్ మ్యాన్' అనే చిన్న పత్రికలో వచ్చాయి. మట్ తన చేతులతో చేశాడా లేదా అన్నది ముఖ్యం కాదు, ఎంచుకున్నాడు, ఆ వస్తువుకి కొత్త ఆలోచన పుట్టించాడు అన్నది ఆ వ్యాసం సారాంశం. అసలు యూరినల్ మాత్రం పోయింది. ఈరోజు లండన్ టేట్ లాంటి మ్యూజియాల్లో కనిపించేది, 1964లో మిలాన్‌లోని ఆర్టూరో ష్వార్జ్ గ్యాలరీ కోసం డుషాం అనుమతితో తయారుచేసిన ప్రతి. ఆ నమూనా యూరినల్ అప్పటికి బజారులో దొరకదు. అందుకని స్టీగ్లిట్జ్ ఫొటో చూసి పనివాళ్లు చేత్తో రూపం చేసి, అచ్చు పోసి, కాల్చారు. ఫ్యాక్టరీలో పుట్టినందుకే ఎంచుకున్న వస్తువు చివరికి చేతిపనితో చేసిన శిల్పంగా గాజుపెట్టెలోకి చేరింది.

ఇంకో ముడి కూడా దాచకుండా చెప్పాలి. 1917 ఏప్రిల్ 11న డుషాం తన చెల్లెలికి రాసిన ఉత్తరంలో, తన స్నేహితురాలు ఒకామె మగపేరుతో ఆ యూరినల్ పంపిందని రాశాడు. ఆ మాటను పట్టుకుని, దాని వెనకున్నది కవయిత్రి, కళాకారిణి ఎల్సా ఫోన్ ఫ్రైటాగ్-లోరింగ్‌హోవెన్ అని కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. చాలామంది ఒప్పుకోరు. ఎల్సా చేయి ఉందని చూపే నేరు ఆధారం ఇంతవరకు నాకు కనబడలేదు. కానీ ఎంపికే పని అయినప్పుడు, ఎంచుకున్నది ఎవరు అన్న ప్రశ్న తేలిగ్గా తీసేసేది కాదు.

'అయితే ఆలోచన చాలు, చెయ్యి అక్కర్లేదా' అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడికి వచ్చేసరికి 1960ల దగ్గర ఉంటాం. డుషాం తర్వాతి తరం వాళ్లలో కొందరు వస్తువును కూడా పక్కకు జరిపి, ఆలోచనే పని అన్నారు. దాన్నే కాన్సెప్చువల్ ఆర్ట్ అంటున్నాం. 1967లో అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ ఆర్ట్‌ఫోరమ్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ మాట నిలదొక్కుకుంది. ఆ మరుసటి ఏడాది నుంచి అతను గోడల మీద బొమ్మలు మొదలుపెట్టాడు. చాలావరకు అతను రాసిచ్చేది సూచనలు, గీసేది వేరేవాళ్లు.

ఇది మన ఆడవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. సంక్రాంతి నెలలో పత్రికలు ముగ్గుల పేజీ వేస్తాయి: '15 చుక్కలు, సందు చుక్క 8 వరకు'. ఆ ఒక్క వరసను చదివిన చేయి తన వాకిట్లో తన పిండితో వేసుకుంటుంది. తెల్లారి కళ్లాపి చల్లితే పోతుంది. ముగ్గు పోయిందని ఎవరూ ఏడవరు, సూచన ఉంది కదా. తేడా ఏమిటంటే ముగ్గుకి కర్త పేరు లేదు, లెవిట్ సూచనకు సంతకం, ధ్రువపత్రం ఉంటాయి.

1971లో అతను ఇచ్చిన ఒక సూచన, గోడచిత్రం 118, చుక్కలతోనే. గట్టి పెన్సిలుతో గోడ మీద 50 చుక్కలు పెట్టాలి. ఎక్కడ పడితే అక్కడ పెట్టాలి, కానీ గోడంతా సమంగా పరుచుకోవాలి. ప్రతి చుక్కనూ మిగతా అన్ని చుక్కలతో తిన్నటి గీతలతో కలపాలి. చూడ్డానికి మూడు వాక్యాల పని. మా క్లాసు వెనక గోడ మీద దీన్ని వేయించాను. మొదటి గంట ఒక్క గీతా పడలేదు, తగాదాతోనే గడిచింది. ఎక్కడ పడితే అక్కడ అంటే సమంగా ఎలా వస్తుంది? సమంగా రావాలంటే కొలవాలి, కొలిస్తే ఎక్కడ పడితే అక్కడ ఎలా అవుతుంది? ఒకడు కళ్లు మూసుకుని పెడదామన్నాడు. ఒకమ్మాయి గోడను మనసులో గళ్లుగా విడగొట్టి, గడి లోపల మాత్రం చూడకుండా పెట్టింది. చివరికి ఆమె దారి అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత లెక్క వేశారు. ఒక్కో చుక్క నుంచి 49 గీతలు, రెండేసిసార్లు లెక్కపెట్టినవి తీసేస్తే మొత్తం 1,225. స్కేలు అందక దారం పట్టుకున్నారు. మూడోరోజుకి మధ్యలో గీతలు చిక్కబడి బూడిదరంగు మబ్బులా అయింది, అంచుల్లో పలచగా మిగిలింది. ఎవరూ గీయాలనుకోని ఆ నీడ సూచనలోంచే వచ్చింది. చెయ్యి అక్కర్లేదా అని అడిగిన కుర్రాడే ఆ మూడు రోజులూ వేళ్లు రుద్దుకుంటూ తిరిగాడు. లెవిట్ 2007లో చనిపోయాడు. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియంలో అతని 105 గోడచిత్రాలను చిత్రకారులు, విద్యార్థులు కలిసి గోడలకెక్కించారు.

అయితే సూచన రాస్తే చాలు, వస్తువు పెడితే చాలు అని కాదు. బోలెడన్ని పనులు ఇక్కడే చతికిలబడతాయి. ఈమధ్య పిల్లలందరి నోటా ఉన్నది గోడకు టేపుతో అంటించిన అరటిపండు. మౌరిజియో కాటెలాన్ 2019లో మయామీలో పెట్టినప్పుడు ధర లక్షా ఇరవైవేల డాలర్లు, 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో ఒక ప్రతి 62 లక్షల డాలర్లకు పోయింది. కొన్నవాళ్లకు దక్కేది ధ్రువపత్రం, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. పండు కుళ్లితే మార్చుకోవచ్చు. దాని ధర సంతకానికి, కొనేవాళ్ల పోటీకి సంబంధించినది. ధర చూసి గొప్పదనడం ఎంత పొరపాటో, ధర చూసి మోసమనడమూ అంతే పొరపాటు. ధర పక్కన పెట్టి చూస్తే, నాకు అది బలహీనమైన పనిగా కనిపిస్తుంది. దాన్ని పెట్టిన చోట ఎవరూ కాదనేవాళ్లు లేరు. సంత అదేదైనా కొనడానికి ముందే సిద్ధంగా ఉంది. మట్ యూరినల్‌కి ఎదురుగా ఓడిపోగల ఓటు ఉంది.

ఈ తేడా తెలియడానికి ఒక అభ్యాసం ఇస్తాను. ఒక వస్తువు తీసుకురండి. దానికి ఏమీ చేయకూడదు. తిప్పచ్చు, పేరు పెట్టచ్చు, ఎక్కడ పెట్టాలో నిర్ణయించచ్చు. ఒకబ్బాయి ఆగిపోయిన గోడగడియారం తెచ్చి 'కాలం' అని పేరు పెట్టాడు. వస్తువు చెప్పిందే పేరూ చెప్పింది. పేరు తీసేసినా ఏమీ తగ్గదు, అదే దాని లోపం. ఇంకొకమ్మాయి అమ్మమ్మగారి ఇంటి నుంచి ఇత్తడి మానిక తెచ్చింది. అరిగిన అంచు, పచ్చటి మెరుపు, ఎంతో అందంగా ఉంది. అందరూ చుట్టూ చేరి చేత్తో తడిమారు. ఎంపిక గురించి ఎవరూ మాట్లాడలేదు, అమ్మమ్మల గురించి మాట్లాడారు. కంటికి ఏమీ అనిపించని వస్తువు వెతకడం ఎందుకంత కష్టమో అప్పుడు వాళ్లకు తెలిసింది.

మూడోది నన్ను ఇరుకున పెట్టింది. టర్మ్ చివర మార్కుల కోసం ఇరవై డ్రాయింగులు ఇవ్వాలని నోటీసు బోర్డు మీద ఉంటుంది. సైజు రాసి ఉంటుంది, సంఖ్య రాసి ఉంటుంది, రోల్ నంబరు ఎక్కడ వేయాలో రాసి ఉంటుంది. ఒకమ్మాయి ఇచ్చిన కట్టలో పంతొమ్మిది చక్కటి డ్రాయింగులు. ఇరవయ్యోది ఖాళీ షీటు. కొట్టువాడి ధర స్టిక్కరు మూలన అలాగే ఉంది. వెనక రోల్ నంబరు, పేరు: 'రూ. 35'.

పిలిచి అడిగాను. "టైము చాల్లేదా అమ్మా?"

"చాలింది సార్. ఇంకో రెండు వేసినవి ఉన్నాయి, కావాలంటే తెస్తాను. ఆ నోటీసులో ఏదైనా గీసి ఉండాలని లేదు సార్. నేను మూడుసార్లు చదివాను."

వెళ్లి చదివాను. లేదు.

"స్టిక్కరు ఎందుకు తీయలేదు?"

"మాకు షీటు పాడైతే ఏడుపొస్తుంది సార్, బొమ్మ పోయినందుకు కాదు. అది మార్కులిచ్చేవాళ్లకు ఎప్పుడూ కనబడదు."

ఆ రాత్రి ఆ షీటును నా బల్ల మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అది వెళ్లాల్సిన చోటుకే వెళ్లింది, కాదనగల మనిషి ముందే నిలబడింది, కాదనడానికి నా దగ్గర రాసి ఉన్న నియమం లేదు. మిగతా పంతొమ్మిదింటికి వేసినట్టే దానికీ మార్కులు వేసి, ఎందుకో పక్కన నాలుగు వాక్యాలు రాశాను. మరుసటి ఏడాది ఇంకో కుర్రాడు మూడు ఖాళీ షీట్లు ఇస్తే తిప్పి ఇచ్చేశాను. "పోయినేడు అక్కకు వేశారు కదా సార్" అన్నాడు. "అక్క అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది, నోటీసు మార్చాం చూడు. నీ ప్రశ్న ఏమిటి?" అన్నాను. అతని దగ్గర ప్రశ్న లేదు, మూడు డ్రాయింగులు తక్కువ ఉన్నాయి.

ఆ అమ్మాయి 'రూ. 35'ని దాచుకుందేమో అనుకున్నాను. మార్కులు వచ్చిన వారానికి కట్ట వెనక్కి తీసుకుంది. తర్వాతి టర్మ్‌లో ఆమె ఇచ్చిన డ్రాయింగుల్లో, రైల్వే గేటు దగ్గర ఆగి ఉన్న ఆటోల బొమ్మ ఒకటి ఉంది. మూలన ధర స్టిక్కరు అలాగే ఉంది, బొగ్గుపొడి దాని మీద కూడా పడింది.